పెద్ద అక్షరాల పుస్తకాలు: డీటీపీ చేసేవారికి, ప్రూఫ్ చూసేవారికి నియమాలు

హనుమకొండలోని మా పెద్దల పఠన బృందం కోసం సంక్రాంతికి మూడు కథల పుస్తకాలు తెస్తున్నాం. చదివేవాళ్లలో కొందరికి గ్లకోమా, కొందరికి షుగర్ వల్ల రెటీనా దెబ్బతింది, ఇంకొందరికి చూపు మధ్య భాగంలో మసక. కళ్లజోడు పెట్టుకున్నా మామూలు పుస్తకం చదవలేరు. పేజీ తయారుచేసే ప్రతి ఒక్కరూ పని మొదలుపెట్టేముందు ఇది ఒకసారి పూర్తిగా చదవండి.

సైజు

కథ నడిచే అక్షరం 20 పాయింట్లు. కథ పేరు 28, లోపలి ఉపశీర్షికలు 24. పేజీ నంబరు, ఫుట్‌నోట్, బొమ్మ కింది వాక్యం, ప్రచురణ వివరాల పేజీ, ఇవన్నీ కూడా 20కి తగ్గకూడదు. 'ఇది ఎవరు చదువుతారులే' అని చిన్నది చేసే అలవాటు మన ప్రింటింగ్‌లో బాగా పాతుకుపోయింది. ఇక్కడ అది కుదరదు. ఫుట్‌నోట్ పట్టకపోతే కథ చివరికి మార్చండి.

ఇంగ్లీషు పుస్తకాలకు బయటి దేశాల్లో 16 నుంచి 18 పాయింట్లను పెద్ద అక్షరంగా లెక్కిస్తారు. ఆ అంకెను తెచ్చి తెలుగుకు పెట్టేస్తే సరిపోదు. మన అక్షరం పైన గుడి, ఏత్వం, కింద వత్తు మోయాలి. ఆ పై గుర్తుల్లో తేడా చాలా చిన్నది. 'మెడ', 'మేడ' పక్కపక్కన పెట్టి చూడండి, 'విడి', 'వీడి' చూడండి. చూపు తగ్గినవాళ్లు ముందు పోగొట్టుకునేది అక్షరాన్ని కాదు, ఈ కొసల్ని. అందుకే మనం 20 పెట్టుకున్నాం.

పైగా ఒకే పాయింటు సైజు అన్ని ఫాంట్లలో ఒకేలా కనిపించదు. మన కొలబద్ద నోటో సాన్స్ తెలుగు. వేరే ఫాంటు వాడాలనిపిస్తే అదే పేరా రెండింటిలోనూ ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టండి. చిన్నగా కనిపించేదాన్ని సమానంగా వచ్చేదాకా పెంచండి. స్క్రీన్ మీద చూసి తేల్చవద్దు, అక్కడ జూమ్ మోసం చేస్తుంది.

అలాగని 36 పెట్టేస్తే ఇంకా మంచిదని కాదు. గ్లకోమా ముదిరినవాళ్లకు చూపు సన్నని గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. అక్షరం మరీ పెద్దదైతే ఒక్క చూపుకి ఒక మాట కూడా పట్టదు. ఇంకా పెద్దది కావాలన్నవాళ్లకు విడిగా కాపీ తీసిద్దాం.

పాత పుస్తకాన్ని జిరాక్సులో పెంచి ఇవ్వడం మన పద్ధతి కాదు. ఏ5 పేజీని ఏ4 చేస్తే అక్షరం 141 శాతానికి పెరుగుతుంది, అంటే 12 పాయింట్ల అక్షరం 17 దగ్గర ఆగుతుంది. దానితోపాటు ఇంకు మరకలూ పెరుగుతాయి.

మందం

లైట్, థిన్ రకాలు వద్దు. రెగ్యులర్ కూడా కొంచెం పల్చనే. మీడియం గానీ సెమీబోల్డ్ గానీ పెట్టండి. ఇంగ్లీషులో అంతా బోల్డ్‌లో కొట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. తెలుగులో మరీ లావు చేస్తే 'ఠ', 'థ' లోపలి చుక్క పూడుకుపోతుంది, 'ధ' కింది గీత దేహానికి అతుక్కుంటుంది. శీర్షికలకు వాడే రామభద్ర లాంటి దిట్టమైన ఫాంట్లు కథకు పనికిరావు.

ఇంకో సంగతి. కొన్ని తెలుగు ఫాంట్లకు అసలు బోల్డ్ ఉండదు. అయినా వర్డ్‌లో B నొక్కితే సాఫ్ట్‌వేర్ తనే అంచులు ఉబ్బించి లావు చేసేస్తుంది. అది దొంగ బోల్డ్. బోల్డ్ ఉన్న ఫాంటే ఎంచుకోండి.

ఖాళీలు

తెలుగు పేజీ ఎక్కువగా చెడేది ఇక్కడే. వరుస నుంచి వరుసకు 34 పాయింట్ల దూరం ఉండాలి. 'ఒకటిన్నర రెట్లు' అని ఎందుకు చెప్పడం లేదంటే, వర్డ్‌లో Single అనే దూరం ఫాంటును బట్టి మారిపోతుంది. Line spacing దగ్గర At least ఎంచుకుని 34 ఇవ్వండి. Exactly పెట్టి దూరం తగ్గితే వత్తులు తెగిపోయే ప్రమాదం ఉంది. పరీక్షకు పై వరుసలో 'స్త్రీ, రాష్ట్రం, వస్త్రం', కింది వరుసలో 'కీ, తీ, మే' కొట్టి ప్రింట్ తీయండి. పై వత్తుకీ కింది గుడికీ మధ్య తెల్లకాగితం స్పష్టంగా కనిపించాలి.

పేరాకీ పేరాకీ మధ్య ఒక వరుసంత ఖాళీ వదలండి. మొదటి మాటను లోపలికి జరపనక్కర్లేదు.

అక్షరాల మధ్య దూరం మాత్రం ముట్టుకోకండి. పాత అను ఫాంట్లలో వత్తులు విడి ముక్కలుగా ఉంటాయి. దూరం పెంచితే వత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది. దూరం తగ్గిస్తే పక్కదాని మీద ఎక్కుతుంది. మన ఫైళ్లన్నీ యూనికోడ్‌లోనే ఉండాలి. పాత ఫైలు వస్తే మార్చి, మార్చాక మళ్లీ ప్రూఫ్ చూడాలి.

ఎడమ అంచు సమంగా, కుడి అంచు దాని ఇష్టానికి వదలండి. రెండు అంచులూ సమం చేస్తే, పెద్ద అక్షరాల్లో మన పొడుగు మాటల వల్ల వరుసల మధ్యలో గుంతలు పడతాయి. కంటికి అవే ముందు కనిపిస్తాయి. వరుస చివర మాటను విరవవద్దు. రెండు కాలమ్‌లు వద్దు.

వాలు అక్షరాలు, ఇరుకు అక్షరాలు

ఇటాలిక్ ఎక్కడా వద్దు, ఒక్క మాటకు కూడా. తెలుగు ఫాంట్లలో దాదాపుగా ఇటాలిక్‌ను విడిగా గీయరు. సాఫ్ట్‌వేర్ నిలువు అక్షరాన్ని తోసి పడేస్తుంది, అంతే. తలకట్టు ఒక పక్కకి, వత్తు ఇంకో పక్కకి పోతాయి. పద్యాలు, ఉత్తరాలు, పాత్ర మనసులో మాటలు ఇటాలిక్‌లో పెట్టడం అలవాటున్నవాళ్లు జాగ్రత్త. పద్యాన్ని లోపలికి జరపండి, మనసులో మాటకు కోట్స్ పెట్టండి. ఒత్తి చెప్పాల్సిన మాటకు ఎక్కువ మందం చాలు. కింద గీత గీయవద్దు, అది వత్తుల మీదుగానే పోతుంది.

కండెన్స్‌డ్ రకాలు కూడా నిషేధం. నోటో సాన్స్ తెలుగులోనే ఇరుకు రకాలున్నాయి కాబట్టి ఫాంట్ పేరులో Condensed అన్న మాట ఉందేమో చూసుకోండి. శీర్షిక పట్టలేదని అడ్డంగా 85 శాతానికి నొక్కేయడమూ ఇదే తప్పు. రెండు వరుసలు చేయండి. కాగితం మిగిలించడం కోసం ఈ పుస్తకాలు వేయడం లేదు.

కథలో ఇంగ్లీషు లిపిలో మాటలొస్తే బ్రెయిలీ ఇన్‌స్టిట్యూట్ 2019లో తెచ్చిన Atkinson Hyperlegible వాడండి. ఉచితంగా దొరుకుతుంది. పెద్ద అక్షరం I, చిన్న అక్షరం l, అంకె 1 దానిలో వేర్వేరుగా తెలుస్తాయి.

కాగితం, బైండింగ్

మెరవని క్రీమ్ కాగితం, నల్ల ఇంకు. వెనక పేజీ ఇవతలికి కనిపించకూడదు. బొమ్మ మీదా బూడిద రంగు డబ్బాలోనూ అక్షరాలు వేయవద్దు. ఏ4 సైజు, లోపలి మార్జిన్ 30 మిల్లీమీటర్లు, స్పైరల్ బైండింగ్. పుస్తకం బల్ల మీద చదునుగా పరుచుకోకపోతే స్టాండ్ భూతద్దం దాని మీద నిలవదు. 120 పేజీలు దాటితే రెండు భాగాలు చేయండి, బరువైన పుస్తకాన్ని చేత్తో పట్టుకుని చదివేవాళ్లూ ఉన్నారు.

ప్రూఫ్

మొదటి ప్రూఫ్ అక్షరదోషాలకు, మామూలుగానే. రెండోది మాత్రం తుది కాగితం మీద తీసి, పఠన బృందంలో ఇద్దరికి ఇచ్చి గట్టిగా చదవమనండి. పక్కనుంచి అందించకండి. ఎక్కడ ఆగారో, ఏ మాటను వేరేగా చదివారో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఒకే రకం అక్షరం దగ్గర ఇద్దరూ ఆగితే ఫాంటు మార్చి మళ్లీ ప్రింట్ తీయాలి. అందుకు వారం రోజులు కేటాయించాం, డిసెంబర్ 20లోగా ఫైళ్లు అందాలి.

ప్రతి పుస్తకం ప్రచురణ వివరాల పేజీలో ఈ వాక్యం 20 పాయింట్లలోనే వేయండి: 'ఈ పుస్తకం నోటో సాన్స్ తెలుగు మీడియం, 20 పాయింట్లలో ముద్రించబడింది. ఇంతకంటే పెద్ద అక్షరాల ప్రతి కావాలంటే బృందంలో చెప్పండి.' వేరే ఫాంటు వాడితే దాని పేరు, సైజు రాయండి.