మన యూనిట్‌లో నడుచుకునే తీరు

జీడిమెట్ల ట్యాబ్లెట్ ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేసే అందరికీ, యాజమాన్యం తరఫున

గేటు పక్కన నోటీసు బోర్డు మీద ఇన్నాళ్లూ ఉన్న కాగితాన్ని తీసేశాం. ‘నిబంధనలు అతిక్రమించిన వారు ఎటువంటి నోటీసు లేకుండా తొలగించబడుదురు’ అని మొదలై, చివరిదాకా అదే మాట. ఏది తప్పో, ఎందుకు తప్పో, ఎవరికి చెప్పుకోవాలో అందులో లేదు. అది చూసి ఎక్కువగా భయపడింది ఫిర్యాదు చేయాల్సినవాళ్లే. ఆ కాగితం రాసింది మేమే, అందుకే మార్చే బాధ్యత కూడా తీసుకున్నాం. కింద ఉన్నవి వచ్చే సోమవారం మొదటి షిఫ్ట్ నుంచి అమల్లోకి వస్తాయి. పర్మనెంట్, కాంట్రాక్ట్, రోజుకూలీ, ట్రైనీ, సెక్యూరిటీ, క్యాంటీన్ వాళ్లు, మేనేజర్లు అందరికీ ఇవే నియమాలు.

ముందుగా మాట తీరు. లైన్ మీద మెషిన్ల మోతలో గొంతు పెంచాల్సి వస్తుంది, అది వేరే సంగతి. ‘ఏయ్’, ‘ఒరేయ్’ అని పిలవడం, బూతులు తిట్టడం, రంగును, ఒడ్డూ పొడుగును ఎగతాళి చేయడం ఇక్కడ కుదరదు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లను ఊరి పేరుతోనో భాష పేరుతోనో పిలవకండి. పేరు పెట్టి పిలవండి, పెద్దవాళ్లయితే ‘గారు’ అనండి. టార్గెట్ టెన్షన్‌లో ఉన్న సూపర్‌వైజర్‌కు కూడా ఇందులో మినహాయింపు లేదు.

ఇంటిపేరు అడిగి కులం ఆరా తీయడం మనలో చాలామందికి తప్పుగా అనిపించదు. అడిగించుకున్నవాళ్లకు మాత్రం ఆ తర్వాత మనం కూర్చునే చోటు, మంచినీళ్ల గ్లాసు అందించే తీరు మారతాయేమోననే బెంగ ఉంటుంది. కాబట్టి పనిచోట ఎవరి కులం, మతం ఎవరూ అడగవద్దు. క్యాంటీన్‌లో బల్లలు, గ్లాసులు అందరివీ. ఎస్సీ, ఎస్టీ వారిని నలుగురిలో కులం పేరుతో దూషించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అలాంటిది జరిగితే బాధితులు పోలీసుల దగ్గరికి వెళ్లడానికి మేం తోడుంటాం, రాజీ పడమని ఒత్తిడి చేయం.

ఆడవాళ్ల విషయంలో ఇంకాస్త వివరంగా చెప్పాలి. ఇష్టం లేకుండా తాకడం, ద్వంద్వార్థాల మాటలు, అసభ్య వీడియోలు చూపించడం, వద్దన్నా ఫోన్లు చేయడం, షిఫ్ట్ మార్పు లేదా ఓవర్‌టైమ్ ఆశ చూపి చనువు కోరడం 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపులే. కంపెనీ బస్సు కూడా పనిచోటే. ‘సరదాకి అన్నాను’ అనేది జవాబు కాదు. ఫిర్యాదును జరిగిన 3 నెలల్లోపు అంతర్గత కమిటీకి ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలల వరకు గడువు పెంచవచ్చు. రాయడం రాకపోతే కమిటీ సభ్యులే రాసి, చదివి వినిపిస్తారు. విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి, పేర్లు బయటికి రావు. సాక్ష్యం దొరకనంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమని అనం. మగవాళ్లకో ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకో ఇలాంటి వేధింపు ఎదురైతే హెచ్‌ఆర్ అంతే శ్రద్ధగా విచారిస్తుంది.

తాగి డ్యూటీకి రావద్దు, ప్యాకింగ్ హాల్లోకి ఫోన్ తేవద్దు. స్ట్రిప్‌లో ఒక మాత్ర తారుమారైతే వేసుకునేది ఏదో ఇంట్లోని పేషెంటు.

ఎక్కువసేపు నిలబడలేనివాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, గర్భిణులు కూర్చుని చేసే పని అడగండి. అడిగినందుకు ఎవరినీ తక్కువగా చూడం.

తప్పు జరిగిందని తెలిస్తే ముందు సంజాయిషీ అడుగుతాం, జవాబు ఇవ్వడానికి 3 రోజులు ఇస్తాం. మీ తరఫున మాట్లాడటానికి తోటి ఉద్యోగిని తెచ్చుకోవచ్చు. చిన్న తప్పుకు మొదట నోటిమాటగా, మళ్లీ జరిగితే రాతపూర్వకంగా హెచ్చరిస్తాం. కొట్టడం, లైంగిక వేధింపు, కుల దూషణ, ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష సాధించడం రుజువైతే ఉద్యోగం పోవచ్చు. అక్కడ మాత్రం హోదా, సీనియారిటీ చూడం. కాంట్రాక్టర్ మనుషులైతే కాంట్రాక్టర్‌కూ నోటీసు వెళుతుంది.

కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు ఆడవాళ్ల డ్రెస్సింగ్ రూమ్ తలుపు లోపలివైపు, క్యాంటీన్‌లో, బస్సులో అంటించాం. అధ్యక్షురాలు ప్రతి మంగళవారం సాయంత్రం 4 గంటల నుంచి ఫస్ట్ ఎయిడ్ గదిలో ఉంటారు. అత్యవసరమైతే 112కు, ఆడవాళ్లు 181కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఈ కాగితం హిందీ, ఒడియాలోనూ ఉంది. చదవలేనివాళ్ల కోసం సోమవారం మూడు షిఫ్టుల్లోనూ మొదటి 15 నిమిషాలు లైన్ ఆపి చదివి వినిపిస్తాం. ఆ సమయానికి జీతం కోత ఉండదు.