హాస్టల్లో ఉన్న చిట్టితల్లికి అమ్మ మెసేజ్

చిట్టితల్లీ,

రాత్రి ఫోన్‌లో "బానే ఉన్నానమ్మా" అన్నావు కానీ, ఆ మాటకి ముందు నువ్వు ముక్కు ఎగబీల్చడం నాకు వినపడింది. ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే రాస్తున్నా.

ఏడుపొస్తే ఏడువు తల్లీ. పదమూడేళ్లు నా పక్కనే పెరిగిన పిల్లవి, పది రోజుల్లో అలవాటైపోవాలంటే ఎలా? ఇంటిమీద బెంగ పెట్టుకోవడం తప్పూ కాదు, పిరికితనమూ కాదు. హాస్టల్లో చేరిన కొత్తలో నేనూ దుప్పటి ముసుగేసుకుని ఏడ్చేదాన్ని. పగలంతా ఎలాగో గడిచిపోయేది, లైట్లు ఆర్పాకే గుండె బరువెక్కేది. ఒకరోజు పక్క మంచం మీది అమ్మాయి కూడా ఏడుస్తోందని తెలిసింది. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు గుసగుసగా మాట్లాడుకున్నాం. నీ గదిలోనూ అలాంటి పిల్ల ఉండే ఉంటుంది, చూడు.

సాయంత్రం ఆటల టైములో గదిలో ఒక్కదానివే కూర్చోకు. ఆడకపోయినా పర్లేదు, గట్టు మీద కూర్చుని చూడు. భోజనం మాత్రం మానొద్దు, ఖాళీ కడుపుతో బెంగ ఇంకా ఎక్కువవుతుంది. ఎవరైనా ఏడిపించినా, ఒంట్లో బాగోకపోయినా దాచకుండా వార్డెన్ మేడంకి చెప్పు, నాకూ చెప్పు.

నీ మంచం మీద దుప్పటి నువ్వు మడత పెట్టినట్టే ఉంది. తమ్ముడు దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వట్లేదు. ఆదివారం పదింటికల్లా నాన్న, నేను, వాడు గేటు దగ్గర ఉంటాం. నీ బొమ్మల పుస్తకం, రంగు పెన్సిళ్లు తెస్తున్నా. ఇంకేం కావాలో రాత్రి ఫోన్‌లో చెప్పు.

అమ్మ