కాటా చీటీ

మే 6న అన్నం తింటూ ఉంటే మామిడి ఫ్యాక్టరీ నాయుడుగారి ఫోన్ వచ్చింది.

"ఈసారి కాయ ముందే దిగేట్టుందమ్మా. జూన్ 1కే ఫ్యాక్టరీ తెరస్తాం. మీ సాఫ్ట్‌వేర్ ఆ రోజుకి అంతా రెడీగా ఉండల్ల."

ఒప్పందంలో ఉన్న గడువు జూలై నెలాఖరు. మిగిలిన పని 55 రోజులది, చేతిలో ఉన్నవి 26. "చూస్తాం సార్" అనేశాను. చూస్తాం అంటే అవతలివాళ్లకు సరే అనే వినపడుతుందని తెలిసి కూడా అన్నాను.

నేను ప్రాజెక్ట్ మేనేజర్‌నై అప్పటికి నాలుగు నెలలు. దీనికి ముందు ప్రాజెక్టులో కూడా ఇలాగే తల ఊపాను. చివరి వారం మా టీమ్‌లో భార్గవి రాత్రి రెండింటికి కీబోర్డు పక్కనే తల వాల్చి నిద్రపోయింది. పొద్దున లేచేసరికి చెంప మీద వైరు అచ్చు. అంత చేసీ ఇచ్చిన మొదటి రోజే అది ఆగిపోయింది. ఆ అచ్చు నేను మరిచిపోలేదు.

మర్నాడు ఎయిర్ బైపాస్ రోడ్డులో మా ఆఫీసుకు వెళ్లకుండా నేరుగా చిత్తూరు బస్సెక్కాను. సంచిలో గంటల లెక్కంతా వేసిన కాగితం. అది చూపిస్తే ఆయనకే అర్థమవుతుందనుకున్నాను.

ఆయన కాగితం రెండు నిమిషాలు చూసి, మడిచి తిరిగిచ్చారు. "మీ కష్టం మీకుంటుంది, కాదనను. కానీ తోతాపురి మన కోసం చెట్టు మీద ఆగదు కదమ్మా."

ఆయన చెప్పింది నిజం. నా గంటలతో ఆయన తోటలకేం సంబంధం? కాగితం సంచిలో పెట్టేసి అడిగాను, "సార్, జూన్ 1 పొద్దున మొదటి ట్రాక్టర్ గేటు దగ్గరికి రాగానే ఏం జరుగుతుంది?"

ఆయన మాటల్లో చెప్పలేదు. లేచి నన్ను కాటా దగ్గరికి తీసుకుపోయారు.

కాటా గదిలో సెల్వం పోయినేటి లెడ్జర్ తీశాడు. మామిడి రసం తగిలి అంచులు ఉబ్బిపోయాయి, ఈగలు వాలిన మచ్చలు ఇంకా ఉన్నాయి. నాయుడుగారు ఒక పేజీ దగ్గర వేలు పెట్టారు. 4,360 మీద నీలం పెన్నుతో దిద్దిన 4,860. 3 ఎక్కడుందో, 8 ఎక్కడుందో తెలియడం లేదు.

"అర టన్ను. రైతు తనదే నిజమన్నాడు, సెల్వం తనదే అన్నాడు. మా నాయన కాలం నించి మాకే తోలే మనిషి, ఈ ఏడు వేరే ఫ్యాక్టరీకి మాట్లాడుకున్నాడు."

గొంతు తగ్గింది. ఆయన భయం ఎక్కడుందో అప్పుడు కనిపించింది. ఆయన 'అంతా' అంటున్నది ఈ ఒక్క చీటీ గురించే.

"రైతులకు డబ్బులెప్పుడిస్తారు సార్?"

"మొదటి విడత మూడు వారాలకి."

"ఎగుమతి రిపోర్టులు?"

"అవి సీజన్ అయినాక, ఆడిటర్ అడిగితే."

ఆ కాగితమే తీసి వెనక్కి తిప్పి రాశాను. జూన్ 1కి టోకెన్, కాటా చీటీ. నెట్ పోయినా ప్రింట్ కావాలి. జూన్ 20కి రైతు ఖాతా, బిల్లులు. జూలై 31కి రిపోర్టులు. ఏ భాగం అందితే ఆ భాగానికే డబ్బు. కింద మా వైపు నుంచి కూడా అడిగాను: మే 12 లోపు ఫోన్ నంబర్లతో రైతుల జాబితా, చివరి వారం రోజూ రెండు గంటలు సెల్వం మాతో. మధ్యలో కొత్తది ఏదొచ్చినా జూన్ 20 తర్వాతే.

"బిల్లులు కూడా 10కి ఇచ్చేయండి" అన్నారు.

నోట్లో మళ్లీ 'చూస్తాం' తిరిగింది. మింగేశాను. పైన ఫ్యాన్ కిర్రుమంటోంది.

"ఇస్తానని ఇప్పుడే అనొచ్చు సార్. 10న ఒక్క బిల్లు తప్పొచ్చిందంటే మళ్లీ ఇదే." నా వేలు ఆ దిద్దిన అంకె మీద ఉంది.

చాలాసేపు ఆ పేజీనే చూశారు. "18?"

"20 సార్. ఆ రోజుకి మాత్రం తప్పను."

"రాసి పంపు. నేను సరే అని పెడతా."

అక్కడే నిలబడి వాట్సాప్‌లో మొత్తం టైప్ చేసి పంపాను. ఆయన చదివారు, ఒక్కో లైనూ పెదాలు కదుపుతూ చదివారు. 'సరే' వచ్చాకే ఫోన్ లోపల పెట్టాను.

వచ్చేస్తూ ఉంటే సెల్వం వెనకే వచ్చాడు. "మేడమ్, మీ స్క్రీన్‌లో ముందు ఖాళీ బండి తూకం అడుగుతా ఉంది. కాయలబండి నిండుగా కదా వచ్చేది? ముందు లోడు తూకం. దించినాక ఖాళీది."

ఇన్నాళ్లుగా మాలో ఒక్కరమూ కాటా చూడలేదు.

బస్టాండు నుంచే భార్గవికి ఫోన్ చేశాను. "జూన్ 1కి టోకెన్, కాటా ఇవి రెండే. ఆ తూకం స్క్రీన్ తిరగెయ్యాలి. రేపు చేద్దాం, నువ్వు ఆరింటికి ఇంటికి పో."

అవతల కాసేపు మాట లేదు. "నిజంగానా అక్కా?" అంది.