శ్రీకాళహస్తిలో ఒక పూట: విదేశాల నుంచి వచ్చే అతిథుల కోసం

తిరుపతి నుంచి 36 కిలోమీటర్లు. తిరుమల దర్శనం అయ్యాక మిగిలిన కాసేపట్లో కాళహస్తినీ చుట్టేసి రావడం మామూలే గానీ, ఈ యాత్రలో మేం ఈ ఒక్క ఊరే చూపిస్తాం. దారిలో ఇంకో గుడి కలపమని అడగకండి. కాళహస్తిలో పూజ చేయించుకున్నవాళ్లు మరో గుడికి వెళ్లకుండా నేరుగా ఇల్లు చేరాలన్నది ఇక్కడి ఆనవాయితీ. తిరుచానూరు, కపిలతీర్థం ముందురోజే చూసేసుకోండి.

బుధ, గురువారాల్లో మాత్రమే వెళ్తాం. ఆ రెండు రోజులూ రాహుకాలం మధ్యాహ్నం పడుతుంది కాబట్టి అసలు రద్దీ అప్పుడే మొదలవుతుంది. పొద్దున వెళ్లినవాళ్లకి స్వామి కాస్త తీరిగ్గా కనిపిస్తాడు. రాహుకాలంలోనే పూజ కావాలని పట్టుదల ఉంటే ముందే చెప్పండి, ఆ కుటుంబానికి వేరే కారు పెడతాం.

ఉదయం 5:30కి హోటల్ దగ్గర బండి ఎక్కాలి. 6:30కల్లా గుడి ముందుంటాం. ఎదురుగా కనిపించే గాలిగోపురం కొత్తది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన పాత గోపురం 2010 మే 26న కూలిపోయింది. అదే చోట మళ్లీ కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. రాయలు కట్టించిన నూరుకాళ్ల మండపం మాత్రం లోపల ఇప్పటికీ ఉంది.

రాహుకేతు పూజ చేయించుకునేవాళ్లు ముందు అక్కడికి, మిగతావాళ్లు నేరుగా దర్శనానికి. పూజలో గోత్రం, నక్షత్రం, పేరు అడుగుతారు. గోత్రం తెలియని పిల్లలు చాలామంది వస్తుంటారు, మొహమాటపడక్కర్లేదు, పూజారులే దారి చెబుతారు. మారిషస్ నుంచో దక్షిణాఫ్రికా నుంచో వచ్చే నాలుగో తరం తెలుగువాళ్లయితే బయలుదేరేముందే ఇంటి పెద్దల్ని ఒకసారి అడిగి రండి.

గర్భగుడిలో వాయులింగాన్ని అర్చకులు కూడా చేత్తో తాకరు. లింగానికి అడుగున సాలీడు, ఏనుగు దంతాలు, పైన పాము పడగ గుర్తులుంటాయి. శ్రీ, కాళ, హస్తి అన్న పేరు ఆ మూటి నుంచే వచ్చింది. లోపల గాలి ఆడకపోయినా ఒక దీపం రెపరెపలాడుతుంది. తోపులాటలో చాలామంది అది చూడకుండానే బయటికొచ్చేస్తారు. మీరు లింగం చూశాక చూపు ఒక్క క్షణం దీపం మీద నిలపండి. తర్వాత జ్ఞానప్రసూనాంబ అమ్మవారి దర్శనం. పాతాళ వినాయకుడి దగ్గరికి దిగే మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనుంచే దండం పెట్టుకోవడం మంచిది.

8:45కి కన్నప్ప కొండ. ఎండెక్కితే రాయి కాలుతుంది కాబట్టే టిఫిన్ కంటే ముందు పెట్టాం. 10 గంటలకి ఇడ్లీ, పొంగల్, కాఫీ.

తర్వాత రెండు గంటలు కలంకారీ కళాకారుల ఇంట్లో. మాకు నచ్చే భాగం ఇదే. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో గీస్తారు. పాలలోని జిడ్డు వల్ల రంగు పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసిమి గుడ్డకి తగలగానే నల్లగా తిరుగుతుంది. కలం మీరూ పట్టుకుని ఒక గీత గీసి చూడొచ్చు. కొనమని ఎవరూ బలవంతం చేయరు. కొనాలనిపిస్తే బేరం మాత్రం గట్టిగా ఆడకండి, ఒక పెద్ద గుడ్డకి వారాల పని పడుతుంది.

1 గంటకి అరిటాకు భోజనం, 3 లోపు హోటల్‌కి.

బట్టల సంగతి: మగవాళ్లు పంచె, ఉత్తరీయం లేదా లాల్చీ పైజమా. ఆడవాళ్లు చీర, లంగావోణీ, లేదా చున్నీతో చుడీదార్. షార్ట్స్, చేతుల్లేని టాప్స్, బిగుతు లెగ్గింగ్స్ వద్దు. అమెరికాలో పెరిగిన పిల్లలకి పంచె జారుతుందన్న భయం ఉంటే లోపల బెల్టు పెట్టుకోమనండి, లేదా అంచుకి వెల్‌క్రో కుట్టిన పంచెలు తిరుపతి బజార్లో దొరుకుతాయి. చెప్పులు బండిలోనే వదలండి. ఫోన్లు, కెమెరాలు గుడిలోకి తీసుకెళ్లనివ్వరు. మా డ్రైవర్ దగ్గర తాళం వేసిన పెట్టెలో పెట్టొచ్చు. పాస్‌పోర్ట్ అసలుది వెంట ఉంచుకోండి.

మీతో వచ్చే స్నేహితులు హిందువులు కాకపోతే బుకింగ్ అప్పుడే చెప్పండి, ప్రవేశం విషయం ఆలయ కార్యాలయంలో మేమే ముందుగా కనుక్కుంటాం.

ఒక్కరికి 3,800 రూపాయలు. పదేళ్లలోపు పిల్లలకి సగం. ఏసీ బండి, టిఫిన్, భోజనం, గైడ్ ఇందులోనే. పూజ టికెట్, దక్షిణ మీవే. ముందురోజు సాయంత్రం 6 లోపు హోటల్ రిసెప్షన్‌లో పేర్లివ్వండి. ఆ వేళ దాటాక రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి ఇవ్వలేం.