12,000 షేర్ల అమ్మకానికి ప్రతిపాదన, కంపెనీ నుంచి నిష్క్రమణ

వరంగల్,
12 నవంబరు 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి, డైరెక్టర్ల బోర్డుకు,
మన కోల్డ్ స్టోరేజీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు,
ఎనుమాముల మార్కెట్ రోడ్డు, వరంగల్.

అన్నగారికి నమస్కారం.

కంపెనీలో నా పేరున ఉన్న 12,000 షేర్లను (ఫోలియో నంబరు 4, ఒక్కొక్కటి ₹100 ముఖవిలువ, మొత్తం లక్ష షేర్లలో 12 శాతం) పూర్తిగా అమ్మి తప్పుకోవాలని నిర్ణయించుకున్నాను. మన ఆర్టికల్స్ ప్రకారం బయటివారికంటే ముందు సభ్యులకే చెప్పాలి. ఈ ఉత్తరాన్ని ఆ నోటీసుగా స్వీకరించండి.

కారణం మీకు తెలుసు. సెప్టెంబరు సర్వసభ్య సమావేశంలో రెండో చాంబరు కట్టడానికి కోటిన్నర రుణం తీసుకోవాలని తీర్మానించారు. మిర్చి రాబడి పెరుగుతున్నప్పుడు ఆ ఆలోచన సరైనదే, నేనూ వ్యతిరేకించలేదు. కానీ ఈ వయసులో మరో పదేళ్లకు బ్యాంకు హామీ సంతకం చేయలేను. జీతం గానీ, క్రమంగా డివిడెండు గానీ లేని వాటాలో నా పొదుపంతా చిక్కుకుని ఉండటం ఇంట్లో వాళ్లకూ భారంగా ఉంది. అందుకే కొత్త రుణం మంజూరు కాకముందే ఈ లావాదేవీ పూర్తి చేద్దామని కోరుతున్నాను. నిల్వ సరుకు చాలావరకు బయటికి వెళ్లి, అద్దెలు చేతికొచ్చే కాలం కూడా ఇదే.

షేరుకు ₹350 చొప్పున మొత్తం ₹42,00,000 అడుగుతున్నాను. లెక్క ఇదీ: 2025 మార్చి 31 నాటి ఆడిట్ బ్యాలెన్స్ షీటులో మూలధనం కోటి, ఉచిత నిల్వలు 1.30 కోట్లు, అంటే షేరుకు ₹230. ఇందులో భూమి, భవనాలు కలిపి 1.10 కోట్లుగానే ఉన్నాయి. ఎందుకంటే భూమి ఇంకా 2008 నాటి కొనుగోలు ధరలోనే నిలిచి ఉంది. సబ్‌ రిజిస్ట్రార్ కార్యాలయం విలువ ప్రకారం అవి 2.30 కోట్లు. ఆ తేడా 1.20 కోట్లు కలిపితే నికర విలువ 3.50 కోట్లు, షేరుకు ₹350. అమోనియా కంప్రెసర్లు, ఇన్సులేషన్‌లను పుస్తక విలువకే వదిలేశాను. గుడ్‌విల్ కలపలేదు.

లాభాల వైపు నుంచీ సరిచూశాను. పన్ను పోగా గత మూడేళ్ల లాభాలు 36, 41, 49 లక్షలు, సగటు 42 లక్షలు. దానికి ఎనిమిది రెట్లు 3.36 కోట్లు, షేరుకు ₹336. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి కాబట్టి నా ధర న్యాయమైనదేనని నమ్ముతున్నాను.

మైనారిటీ వాటా కనుక 20 శాతం తగ్గించాలని సమావేశంలో ఒక మాట వచ్చింది. దానికి ఒప్పుకోలేను. నిర్ణయాధికారం లేని వాటాను బయటివాడు కొంటే ఆ తగ్గింపు అడగడంలో అర్థం ఉంది. ఇక్కడ కొనేది మిగతా 88 శాతం చేతిలో ఉన్న మీరే. పైగా లిస్టు కాని షేర్ల సరసమైన విలువ కట్టేటప్పుడు ఆదాయపు పన్ను నిబంధనలు కూడా స్థిరాస్తిని స్టాంపు డ్యూటీ విలువకే తీసుకుంటాయి. దానికంటే తక్కువకు రాసుకుంటే నా మూలధన లాభాన్ని ఆ విలువపైనే లెక్కిస్తారు, కొన్నవారికీ ఆ తేడా ఆదాయంగా పడవచ్చు. కాగితం మీద తగ్గించుకుని ఇద్దరం పన్ను కట్టడం ఎందుకు?

మొదటి ప్రాధాన్యం సభ్యులు తమ వాటాల నిష్పత్తిలో కొనుక్కోవడం. అలా అయితే సగం ఇప్పుడు, సగం 2026 మార్చి 31లోగా ఇచ్చినా సమ్మతమే. అందిన సొమ్ముకు సరిపడా షేర్లనే ఒక్కోసారి ఎస్‌హెచ్-4 పత్రంతో బదిలీ చేస్తాను. మొత్తం మీద ₹630 స్టాంపు డ్యూటీ నేనే భరిస్తాను.

ఎవరూ కొనలేకపోతే కంపెనీయే బైబ్యాక్ చేయవచ్చు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 68 ప్రకారం మూలధనం, ఉచిత నిల్వల మొత్తంలో 25 శాతం, అంటే 57.5 లక్షల వరకు వీలుంది. 10 శాతం దాటుతుంది కనుక ప్రత్యేక తీర్మానం కావాలి. ఆఫర్ అందరికీ నిష్పత్తి ప్రకారం ఇవ్వాలి కాబట్టి, మిగతా సభ్యులు తాము పాల్గొనడం లేదని రాసివ్వాలి. సొమ్ము ఒకేసారి చెల్లించాలి. ఈ దారిలో మొత్తం సొమ్ము నాకు డివిడెండుగా పన్ను పడుతుంది. అయినా ధర పెంచమని అడగను.

ధరతో పాటు ఒక్క షరతు ఉంది. వర్కింగ్ క్యాపిటల్ రుణానికి నేనిచ్చిన వ్యక్తిగత హామీ నుంచి విడుదల చేస్తూ బ్యాంకు ఇచ్చే లేఖ నాకు అందాలి. అది లేకుండా చివరి విడత షేర్ల బదిలీ పత్రంపై సంతకం చేయను. దయచేసి దీన్ని అపనమ్మకంగా భావించవద్దు.

నా లెక్కపై అభ్యంతరం ఉంటే, బోర్డు ఎంచుకున్న రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత విలువ కట్టిద్దాం. ఫీజు చెరి సగం. ఆయన చెప్పిన ధర ఎక్కువైనా తక్కువైనా కట్టుబడతాను.

ఈ ప్రతిపాదన డిసెంబరు 12 వరకు అమలులో ఉంటుంది. ఆలోగా బోర్డు సమావేశం పెట్టి, సమాధానం రాతపూర్వకంగా తెలియజేయండి. షేరు సర్టిఫికెట్ల నకళ్లు, విలువ లెక్కింపు పట్టిక జతచేశాను. అసలు సర్టిఫికెట్లు చెల్లింపు రోజున తెస్తాను.

ఇట్లు,
మీ
సుధాకర్
(సభ్యుడు, ఫోలియో నంబరు 4)

ప్రతి: సభ్యులందరికీ, కంపెనీ ఆడిటర్ గారికి