వేడి టీ ప్రయోగంపై నా ప్రశ్నలు

సత్యవతీ, రాంబాబూ,

వేడి గ్లాసు పట్టుకున్నవాళ్లకు ఎదుటి మనిషి ఎక్కువ ఆప్యాయంగా తోస్తాడని చెప్పిన మీ సెమినార్ బుధవారం ముగిసేసరికి గంట కొట్టేశారు. మిగిలిన ప్రశ్నలు రాసి ఇవ్వమని మేడం చెప్పారు కాబట్టి ఇది రాస్తున్నాను. ముందే ఒక మాట చెప్పాలి. మీ ప్రయోగంలో పాల్గొన్న ఇరవై నలుగురిలో నేనూ ఉన్నాను. నా పత్రం సంఖ్య 17. టీ గ్లాసు పట్టుకున్న పన్నెండు మందిలో ఒకణ్ని. అందువల్ల ఈ ప్రశ్నల్లో కొన్ని బయటి నుంచి చూసి అడిగేవి కావు, ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు నాకు తట్టినవి.

మొదటిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మేం ఏమి ఊహించామో మీరు ఎవరినైనా అడిగారా? నేను గదిలోకి వచ్చేసరికి బల్ల మీద ఒకవైపు పొగలు కక్కుతున్న స్టీలు గ్లాసులు, మరోవైపు ఐసు వేసిన మజ్జిగ గ్లాసులు ఉన్నాయి. ఒకటి పట్టుకోమన్నారు. తర్వాత ఒక వ్యక్తి గురించి పేరా చదివి వినిపించి, అతని ఆప్యాయతకు ఒకటి నుంచి ఏడు వరకు అంకె వేయమన్నారు. వేడికీ ఆప్యాయతకూ ఏదో ముడి పెడుతున్నారని నాకు అప్పుడే అనిపించింది. నేను 6 వేశాను. ఆ పేరాలోని మనిషి నాకు ఆప్యాయంగా తోచాడో, మీకు కావలసింది అదేనని తోచిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా విడదీసి చెప్పలేను. డిమాండ్ ఎఫెక్ట్ అంటే ఇదే కదా. ప్రయోగం తనకు కావలసిన జవాబును తానే చూపిస్తుంది, పాల్గొన్నవాళ్లు మంచివాళ్లు కావడం వల్లనే దాన్ని అందిస్తారు.

మనస్తత్వవేత్త మార్టిన్ ఓర్న్ 1962లో రాసిన వ్యాసంలోని కూడికల ఉదంతం మనం క్లాసులో చదివాం. ఒక్కో కాగితం మీద 224 కూడికలు, అలాంటివి దాదాపు రెండు వేల కాగితాలు. అయిదున్నర గంటల తర్వాత విసిగి ఆపేసినది ప్రయోగకర్తే, కూడికలు చేస్తున్నవాళ్లు కాదు. పూర్తయిన ప్రతి కాగితాన్నీ కనీసం 32 ముక్కలుగా చింపేయమన్నా చింపుతూ కొనసాగించారు. ప్రయోగం అనే మాటకే అంత బలం ఉంటే, మన ఊళ్లో దానికి మర్యాద కూడా తోడవుతుంది. కోనసీమలో ఒకరి చేతి మీదుగా గ్లాసు అందుకుని, ఆ ఇచ్చినవాళ్ల కాగితం మీద తక్కువ అంకె వేయడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. పైగా తర్వాత ఆ టీ తాగమన్నారు. మజ్జిగ పట్టుకున్నవాళ్లకూ తాగమని చెప్పారా, లేక గ్లాసు వెనక్కి తీసుకున్నారా? ఇది మీ నివేదికలో లేదు. చెప్పి ఉండకపోతే, మీరు కొలిచినది వేడిని కాదు, ఆతిథ్యాన్ని.

రెండోది రాంబాబుకు. ఏ గ్లాసు ఎవరికి ఇవ్వాలో నువ్వే నిర్ణయించావు, పేరా నువ్వే చదివి వినిపించావు, అంకెలు నువ్వే రాసుకున్నావు. పరికల్పన కూడా నీకు తెలుసు. నువ్వు కావాలని ఏదో చేశావని నా ఉద్దేశం కానే కాదు. కానీ 2012లో బ్రస్సెల్స్‌లో డోయెన్, ఆయన సహచరులు చేసిన పని ఒకసారి గుర్తు చేసుకో. ముసలితనానికి సంబంధించిన మాటలు చదివినవాళ్లు నెమ్మదిగా నడుస్తారన్న 1996 నాటి ఫలితాన్ని వాళ్లు పరారుణ సెన్సార్లతో కొలిచి చూస్తే, ఆ ప్రభావం కనిపించలేదు. తర్వాతి ప్రయోగంలో, నెమ్మదిగా నడుస్తారని ప్రయోగకర్తలకు ముందే నమ్మకం కలిగించినప్పుడు మాత్రమే అది కనిపించింది. టీ పట్టుకున్నవాళ్లకు ఆ పేరా చదివేటప్పుడు నీ గొంతు కాస్త మెత్తబడిందా? నీకే తెలిసి ఉండదు. పేరా వినిపించే మనిషికి గ్లాసు కనిపించకుండా ఏర్పాటు చేయడం సాధ్యమేనా?

ఇప్పుడు రెప్లికేషన్ సంగతి. విలియమ్స్, బార్గ్ 2008లో ప్రచురించిన ప్రయోగాన్ని మీరు తిరిగి చేశామని చెప్పారు. అక్కడ 41 మంది విద్యార్థులు వేడి కాఫీ గానీ చల్లటి కాఫీ గానీ పట్టుకున్నారు. మీరు టీ, మజ్జిగ ఇచ్చారు. అవి వేడిలోనే కాదు, రంగులో, వాసనలో, మన మనసులో వాటికున్న చోటులో కూడా వేరు. టీ స్నేహితుల మధ్య తాగేది, మజ్జిగ ఎండన పడి వచ్చినవాళ్లకు ఇచ్చేది. రెంటిలోనూ టీయే ఇచ్చి, ఒకటి చల్లార్చి ఉంటే బాగుండేది కాదా? ఆ స్టీలు గ్లాసు వెచ్చగా కాదు, చురుక్కుమనేలా ఉంది. చేతులు మార్చుకుంటూ పట్టుకున్నాను.

దీనికన్నా లోతైన చిక్కు మన భాషలో ఉంది. వేడి, ఆప్యాయత ఒకటేనన్న భావన వార్మ్ అనే ఇంగ్లీషు మాటలోనే ఇమిడి ఉంది. తెలుగులో దయగల వాళ్లది చల్లని మనసు. పెద్దలు చల్లగా ఉండమని దీవిస్తారు, మేలు చేసినవాళ్లను నీ కడుపు చల్లగా అంటారు. వేడెక్కేది కోపం. మూల పరికల్పన నిజంగా శరీరానికి సంబంధించినదైతే మనకూ అదే ఫలితం రావాలి, మాటకు సంబంధించినదైతే తలకిందులుగా రావాలి. మీ సెమినార్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన అవకాశం ఇదే, దాని మీద మీరు ఒక్క నిమిషం కూడా ఆగలేదు. అయితే ఒక హెచ్చరిక. ఏ దిశలో వస్తుందో ముందే రాసిపెట్టాలి. ఫలితం చూశాక మన సంస్కృతి వేరు కాబట్టి ఇలా వచ్చిందంటే, ఎటు వచ్చినా సిద్ధాంతం గెలుస్తుంది.

2014లో లినాట్ బృందం విలియమ్స్, బార్గ్ వ్యాసంలోని రెండో ప్రయోగాన్ని 861 మందితో చేసి, వేడి ప్రభావానికి ఆధారం లేదని తేల్చింది. 2019లో షాబ్రీ బృందం రెండు ప్రయోగాలనూ తిరిగి చేసినా ఫలితం నిలవలేదు. వీటిలో ఒక్కదాన్నీ మీరు ఎందుకు ప్రస్తావించలేదు? మీ సగటులు 5.25, 4.25. తేడా 1.0, పి విలువ 0.036. మీరు చెప్పిన ప్రామాణిక విచలనం 1.1తో లెక్క వేస్తే, 95 శాతం విశ్వాస అంతరం సుమారు 0.07 నుంచి 1.93 వరకు వస్తుంది. అంటే దాదాపు ఏమీ లేకపోవడం నుంచి చాలా పెద్ద తేడా దాకా ఏదైనా కావచ్చు. మధ్యస్థాయి ప్రభావాన్ని నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో గుంపులో 64 మంది కావాలని మనం పవర్ పాఠంలో చూశాం. మీ దగ్గర పన్నెండేసి మంది ఉన్నారు. ఇంకొకటి, మొత్తం 27 మంది వచ్చారనీ, టీ చల్లారిపోయిందని ముగ్గుర్ని తీసేశామనీ అన్నారు. తీసేయాలని ఎప్పుడు నిర్ణయించారు, అంకెలు చూడకముందా, చూశాకా? ఆ ముగ్గురి అంకెలు కలిపితే తేడా ఎంత?

మళ్లీ చేస్తామంటే సాయం చేయడానికి నేను సిద్ధం. ఓర్న్ చెప్పిన ఒక పద్ధతిని ముందుగా ప్రయత్నిద్దాం. తెలుగు శాఖలో పాతిక మందికి గ్లాసు ఇవ్వకుండా ప్రయోగం గురించి వర్ణించి, మీరైతే ఎంత వేస్తారని అడుగుదాం. వాళ్ల ఊహలు మీ ఫలితంలాగే వస్తే, ఆ ఫలితాన్ని వేడికి ఆపాదించడం కష్టం. శనివారం మధ్యాహ్నం గది ఖాళీగా ఉంటుంది.

ఇరవై ఏడు పత్రాలూ ఒకసారి చూపించండి. 17వ పత్రంలో 6 ఎందుకు పడిందో పైన చెప్పాను. దాన్ని లెక్కలో ఉంచాలా, తీసేయాలా అన్నది నా మాట విని తేల్చవద్దు. పరికల్పనను ఊహించినవాళ్లను ఏం చేయాలో ముందు ఒక నియమం రాయండి, దాన్నే అందరికీ వర్తింపజేయండి.

ఇట్లు,
శ్రీనివాస్