చిన్నూకీ, వాళ్ళమ్మగారికీ జవాబు

చిన్నూ, నీకూ గంగమ్మ జాతర శుభాకాంక్షలు. అమ్మ ఫోన్ నుంచి నువ్వు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను, ఫోటో చూశాను. బైరాగి వేషం బాగుంది. ఒంటికి పూసిన తెల్ల నామంకొమ్ము ఆరాక దురద పెడుతుంది, గోక్కోవద్దు. కళ్ళు మూసుకుని నీళ్ళతో కడుక్కో. రేపు బండ వేషానికి కుంకుమ పూస్తారు, అది కళ్ళలో పడితే ఇంకా మంట.

ఇప్పుడు ఈ మెసేజ్ అమ్మకు చూపించి, ఫోన్ అమ్మకే ఇచ్చేయ్. నాకు ఇంకేమీ పంపక్కర్లేదు. బడి తెరిచాక వేషం సంగతులన్నీ క్లాసులో చెబుదువుగాని.
— టీచర్

అమ్మా, ఇక మీకు. పైన బిడ్డను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, కావాలనే. పిలకాయలు అడిగిందానికల్లా జవాబు చెప్పేస్తారు: ఇంట్లో ఎవరున్నారు, నాన్న ఎప్పుడొస్తాడు, అన్నీ. నా ఫోటో డీపీగా పెట్టుకుని వేరే ఎవరైనా ఇలాగే మాట కలపొచ్చు. కొత్త నంబరు నుంచి "నేను టీచర్‌ని, నంబరు మార్చాను" అని వస్తే జవాబివ్వకుండా ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి.

ఫోటోలో చిన్నూ వెనక మీ ఇంటి నంబరు, వీధి బోర్డు రెండూ చదవడానికి వస్తున్నాయి. నా ఫోన్‌లో తీసేశాను, బడి గ్రూపులో పెట్టను. మీరూ ఒకసారి మీ స్టేటస్ చూడండి. పంపబోయి స్టేటస్‌లో పెట్టేయడం పిలకాయలు ఎక్కువగా చేసే పొరపాటు, అది 24 గంటలు ఉంటుంది. వేరే గ్రూపులకు వెళ్ళి ఉంటే ఫోటో మీద వేలు నొక్కి పట్టి, డిలీట్ చేసేటప్పుడు "అందరికీ" అన్నదే ఎంచుకోండి. "నాకు మాత్రమే" అన్నది నొక్కితే మీ దగ్గర పోతుంది, వాళ్ళ దగ్గర అలాగే ఉంటుంది. పొరపాటున నొక్కితే కొన్ని సెకన్లలోనే Undo నొక్కాలి, లేదంటే వాళ్ళ దగ్గర తీసే వీలుండదు. రెండు రోజులు దాటనివ్వకండి. ఇంకో ఫోటో తీస్తే ఖాళీ గోడ ముందు నిలబెట్టండి.

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే బిడ్డకిచ్చే ముందు సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద App pinning ఆన్ చేయండి, బయటికి రావడానికి పిన్ అడిగేలా కూడా పెట్టండి. తర్వాత వాడికి కావలసిన యాప్ తెరిచి, రీసెంట్ యాప్స్‌లో దాని ఐకాన్ నొక్కి Pin ఎంచుకోండి. అప్పుడు ఆ ఒక్క యాప్ తప్ప ఇంకోటి తెరుచుకోదు. ఆ పిన్ వాడికి తెలియకూడదు. యూపీఐ లైట్ వాడుతుంటే ఇది మరీ ముఖ్యం: చిన్న మొత్తాలు యూపీఐ పిన్ అడక్కుండానే వెళ్ళిపోతాయి.

వాడిని మాత్రం కోప్పడకండి. తప్పు చేశానని భయపడితే ఈసారి మీకు చెప్పకుండా పంపుతాడు. రేపటి వేషం గురించి చెప్పాలనిపిస్తే మీరు పక్కన కూర్చుని పంపించండి, రాత్రి ఎనిమిది లోపు వింటాను.